జర్మనీ రెండూ ఉంచుకోమంటుంది.. భారత్ ఒప్పుకోదు!

జర్మనీలో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నవాళ్ల మధ్య ఈ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. 'ఇప్పుడు అక్కడ అయిదేళ్లుంటే పౌరసత్వం ఇచ్చేస్తారు, డ్యూయల్ సిటిజన్‌షిప్ కూడా ఓకే అన్నారు, మన పాస్‌పోర్ట్ వదులుకోనక్కర్లేదు' అని. ఈ మాటలో మొదటి సగం నిజం. రెండో సగం కూడా జర్మనీ వైపు నుంచి చూస్తే నిజమే. కానీ పౌరసత్వం రెండు దేశాల చట్టాలకు సంబంధించిన వ్యవహారం. ఒక దేశం సరే అన్నంత మాత్రాన రెండో దేశం తలూపినట్టు కాదు. మన దేశం తలూపలేదు.

ఇంకా వీసానే రాలేదు, పౌరసత్వం గురించి ఇప్పుడెందుకు అంటారా? నిర్ణయం తీసుకునేది ఆరేడేళ్ల తర్వాతే కావచ్చు. కానీ దానికి కావాల్సిన సరంజామా మొదటి సెమిస్టర్ నుంచే పోగవుతుంది. అప్పుడు అమ్మానాన్నలకు ఏం చెప్పాలో, పొలం కాగితాలు ఏం చేయాలో, మీ పిల్లలు ఏ పాస్‌పోర్ట్‌తో పెరుగుతారో అన్నీ ఈ ఒక్క నిర్ణయంతో ముడిపడి ఉంటాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అర్హత రాగానే జర్మన్ పాస్‌పోర్ట్ తీసేసుకోవడమూ తప్పే, దేశభక్తి పేరుతో దాన్ని అసలు పట్టించుకోకపోవడమూ తప్పే. మీరు ఏ తలుపు తెరిచి ఉంచుకోవాలనుకుంటున్నారో తేల్చుకుని, దాన్ని బట్టి ఎంచుకోవాలి.

అక్కడ మారిందేమిటి?

2024 జూన్ 27న జర్మనీలో కొత్త పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఎనిమిదేళ్లు ఉండాల్సింది, దాన్ని అయిదేళ్లకు తగ్గించారు. పాత పౌరసత్వం వదులుకుని రావాలన్న షరతు కూడా తీసేశారు. బాగా కుదురుకున్నవాళ్లకు మూడేళ్లకే ఇచ్చే ఒక అడ్డదారి కూడా ఆ చట్టంలో ఉండేది. దాన్ని 2025 అక్టోబరులో రద్దు చేశారు. కాబట్టి 'మూడేళ్లకే పాస్‌పోర్ట్' అని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే అది పాత వార్త అని గుర్తుపెట్టుకోండి.

అయిదేళ్లతో పాటు ఇంకొన్ని షరతులున్నాయి. జర్మన్ భాషలో బీ1 స్థాయి కావాలి. అంటే రోజువారీ వ్యవహారాలు సొంతంగా చక్కబెట్టుకునేంత భాష. పౌరసత్వ పరీక్ష రాయాలి. అందులో 33 ప్రశ్నలుంటాయి, 17 సరిగ్గా రాస్తే పాస్. మొత్తం 310 ప్రశ్నలు ముందే బయటపెట్టి ఉంటాయి కాబట్టి, మన ఎంట్రన్స్‌లు రాసినవాళ్లకు ఇది పెద్ద లెక్కలోది కాదు. సొంత సంపాదనతో బతుకుతున్నట్టు చూపించాలి. క్రిమినల్ కేసుల్లో శిక్షలు పడి ఉండకూడదు. దరఖాస్తు ఫీజు పెద్దవాళ్లకు 255 యూరోలు.

స్టూడెంట్‌గా గడిపిన కాలం ఈ అయిదేళ్లలో సాధారణంగా కలుస్తుంది. అయితే చేతిలో స్టూడెంట్ పర్మిట్ మాత్రమే ఉన్నప్పుడు పౌరసత్వం ఇవ్వరు. ఉద్యోగంతో వచ్చే బ్లూ కార్డ్ లాంటి పర్మిట్‌కో, శాశ్వత నివాసానికో మారి ఉండాలి. మధ్యలో ఇండియాకు వచ్చిపోతే ఏమవుతుందని చాలామందికి భయం. ఒక్కో ప్రయాణం ఆరు నెలల లోపు ఉంటే లెక్క తెగదు.

ఇక్కడ మారనిదేమిటి?

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1955 నాటి భారత పౌరసత్వ చట్టంలో 9వ సెక్షన్ చాలా సూటిగా ఉంటుంది. భారత పౌరుడెవరైనా తన ఇష్టంతో ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే, ఆ క్షణం నుంచే భారత పౌరసత్వం పోతుంది. దీనికి ఎవరూ ఆర్డర్ ఇవ్వనక్కర్లేదు, మీరు ఎక్కడా సంతకం పెట్టనక్కర్లేదు. జర్మన్ ఆఫీసులో పౌరసత్వ పత్రం మీ చేతిలో పెట్టిన నిమిషంలోనే జేబులో ఉన్న భారత పాస్‌పోర్ట్ చెల్లనిదైపోతుంది. దాని మీద ఇంకా ఏడేళ్ల గడువు కనిపిస్తున్నా సరే.

చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. 'జర్మనీ అడగలేదు కదా, ఉంచేసుకుందాం, ఇండియాకి వెళ్లేటప్పుడు దీంతో వెళ్దాం' అనుకుంటారు. అలా ప్రయాణం చేస్తే అది పాస్‌పోర్ట్ చట్టం ప్రకారం నేరం. పాస్‌పోర్ట్ అప్పగించడానికి వెళ్లినప్పుడు ఎన్నిసార్లు అలా తిరిగారో చూసి కాన్సులేట్ జరిమానా వేస్తుంది. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో దొరికితే సంగతి జరిమానాతో ఆగకపోవచ్చు. ఊళ్లో ఓటరు జాబితాలో పేరుంటే అదీ తీయించుకోవాలి. పౌరుడు కానివాళ్లు ఓటేయడం నేరం.

ఈ విషయంలో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా అన్న తేడా లేదు. ఏ దేశ పౌరసత్వం తీసుకున్నా మన సెక్షన్ 9 ఒకేలా పనిచేస్తుంది. కాబట్టి భారతీయులకు సంబంధించినంత వరకు ద్వంద్వ పౌరసత్వం అనేది లేదు. ఉన్నది ఓసీఐ కార్డ్ మాత్రమే. ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అనే దాని పేరులో సిటిజన్ అన్న మాట ఉన్నా, అది పౌరసత్వం కాదు. జీవితాంతం చెల్లే వీసా అనుకుంటే సరిపోతుంది.

ఓసీఐ ఏమిస్తుంది, ఏమివ్వదు?

ఓసీఐ ఉంటే ఇండియాకు ఎన్నిసార్లైనా రావచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేయొచ్చు, ఫ్లాట్ కొనుక్కోవచ్చు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసుకుంటూ సొంతింట్లో బతకడానికి ఏ అడ్డంకీ లేదు.

ఓటు ఉండదు. ఎన్నికల్లో నిలబడలేరు. ప్రభుత్వ ఉద్యోగాలు సాధారణంగా రావు, కాబట్టి ఎప్పటికైనా తిరిగొచ్చి సివిల్స్, గ్రూప్స్ రాద్దామనే ఆలోచన ఉంటే ఈ దారి మీది కాదు. జర్నలిజం, రీసెర్చ్ లాంటి కొన్ని పనులకు ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పైగా ఓసీఐని ప్రభుత్వం కొన్ని కారణాల మీద రద్దు చేయగలదు. పౌరుడికి ఉన్న హక్కు, కార్డు ఉన్నవాళ్లకు ఉండే అనుమతి ఒకటి కావు.

పిల్లల సంగతి చాలామంది చివరిదాకా ఆలోచించరు. 2021 మార్చిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ లాంటి పరీక్షలు ఓసీఐ పిల్లలు రాయొచ్చు కానీ, ఎన్నారై సీట్లకో అదనపు సీట్లకో మాత్రమే అర్హులు. భారత పౌరులకే కేటాయించిన సీట్లకు కాదు. 'పాప పదో తరగతికి వచ్చేసరికి ఇండియా వచ్చేద్దాం, ఇక్కడే మెడిసిన్ చదివిద్దాం' అనుకునే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఎన్నారై కోటా ఫీజు ఎంతుంటుందో మీకు వేరే చెప్పాలా?

పొలం గురించి ఊళ్లో చెప్పుకునేది సగమే నిజం

'విదేశీ పాస్‌పోర్ట్ తీసుకుంటే తాతల పొలం పోతుంది' అని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. అది అలా కాదు. విదేశీ మారక చట్టం, అంటే ఫెమా నిబంధనల ప్రకారం ఓసీఐలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. కానీ వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే మాత్రం ఇండియాలో ఉండే భారతీయుడికే అమ్మాలి.

ఇంకో విషయం. ఇదే నిషేధం భారత పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారైకి కూడా వర్తిస్తుంది. అంటే మీరు జర్మనీలో ఉద్యోగం చేస్తూ మన పాస్‌పోర్ట్ భద్రంగా ఉంచుకున్నా, అక్కడ ఉన్నంతకాలం ఇక్కడ పొలం కొనలేరు. తేడా ఎప్పుడొస్తుందంటే, తిరిగొచ్చి స్థిరపడినప్పుడు. భారత పౌరుడైతే మళ్లీ ఇక్కడి నివాసి అవుతాడు, పొలం కొనుక్కోవచ్చు. ఓసీఐ తిరిగొచ్చినా కొనలేడు.

అన్నిటికన్నా ఎక్కువమంది తప్పటడుగు వేసేది గిఫ్ట్ డీడ్ దగ్గర. మన దగ్గర తండ్రులు బతికుండగానే పిల్లల పేరిట పొలం గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాసివ్వడం మామూలే. కానీ ఎన్నారైకైనా, ఓసీఐకైనా వ్యవసాయ భూమిని గిఫ్ట్‌గా ఇవ్వకూడదు. వారసత్వంగా గానీ, వీలునామా ద్వారా గానీ రావాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరూ ఆపకపోవచ్చు, పత్రం రిజిస్టర్ అయిపోవచ్చు. పదేళ్ల తర్వాత అమ్మి, ఆ డబ్బు బ్యాంకు ద్వారా జర్మనీకి పంపబోతే అప్పుడు 'ఈ భూమి మీకెలా వచ్చింది' అన్న ప్రశ్న వస్తుంది. కాబట్టి మీరు విమానం ఎక్కబోయే ముందు నాన్నతో మాట్లాడాల్సింది పాస్‌పోర్ట్ గురించి కాదు, ఈ కాగితం గురించి.

ఒక అమ్మాయి లెక్క చూద్దాం

ఊహించుకోండి. నరసరావుపేట అమ్మాయి 2020 అక్టోబరులో ఎంఎస్ కోసం జర్మనీ వెళ్లింది. 2023 ఏప్రిల్‌కు చదువు పూర్తయింది. మే నెలలో ఉద్యోగంలో చేరి బ్లూ కార్డ్ తీసుకుంది. చదువుకునేటప్పుడే తీరిక చేసుకుని బీ1 పాసైంది.

బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకు బీ1 భాష ఉంటే 21 నెలల ఉద్యోగం తర్వాత శాశ్వత నివాస అనుమతి వస్తుంది. ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు ఆగాలి. మన అమ్మాయికి 21 నెలలు 2025 ఫిబ్రవరికి దగ్గరదగ్గరగా పూర్తవుతాయి. భాష మీద పెట్టిన శ్రమకు ఆరు నెలలు కలిసొచ్చాయి. 2025 అక్టోబరుకు జర్మనీలో అయిదేళ్లు నిండాయి. చదువుకున్న రోజులూ కలిశాయి కాబట్టి పౌరసత్వానికి దరఖాస్తు చేయొచ్చు.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నవి రెండు దారులు. ఒకటి, భారత పాస్‌పోర్ట్‌తో శాశ్వత నివాస అనుమతి మీద కొనసాగడం. రెండు, జర్మన్ పౌరురాలై ఓసీఐ తీసుకోవడం. జర్మనీలో రోజువారీ జీవితానికి వీటి మధ్య పెద్ద తేడా ఉండదు. ఉద్యోగం మారొచ్చు, ఇల్లు కొనొచ్చు, వీసా రెన్యువల్ గోల ఉండదు. ఓటు లేదు, అంతే. ఇంకో తేడా యూరప్‌లోని మిగతా దేశాల్లో పనిచేయడం గురించి. జర్మన్ పౌరులు యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల్లో ఎక్కడైనా స్వేచ్ఛగా ఉద్యోగం చేసుకోవచ్చు. శాశ్వత నివాస అనుమతి జర్మనీ వరకే.

సరే, ఇప్పుడు అసలు పరీక్ష పెడదాం. 2026లో వాళ్ల నాన్నకు ఆరోగ్యం బాగాలేక ఆమె రెండేళ్లు నరసరావుపేటలో ఉండాల్సి వచ్చిందనుకోండి.

శాశ్వత నివాస అనుమతికి ఒక గడువు ఉంటుంది. జర్మనీ బయట ఆరు నెలలు దాటితే, ముందుగా విదేశీయుల కార్యాలయం నుంచి ఎక్కువ గడువు తీసుకోకపోతే, ఆ అనుమతి తనంతట తానే రద్దవుతుంది. అంటే 'శాశ్వత' అనే మాట మీరు అక్కడ ఉన్నంతకాలమే శాశ్వతం. ఈ అమ్మాయి రెండేళ్ల తర్వాత తిరిగి వెళ్లాలంటే మళ్లీ మొదటి నుంచి ఉద్యోగం, వీసా చూసుకోవాలి. అదే జర్మన్ పౌరసత్వం తీసుకుని ఓసీఐతో వచ్చి ఉంటే, రెండేళ్లు కాదు, పదేళ్లు ఇంట్లో ఉండి నాన్నను చూసుకున్నా జర్మనీ తలుపు మూసుకోదు.

చూశారా, ఊళ్లో అనుకునేదానికి ఇది పూర్తిగా తలకిందులు. 'ఇండియాకి తిరిగొచ్చే ఆలోచన ఉంటే మన పాస్‌పోర్టే ఉంచుకో' అంటారు. కానీ వచ్చిపోతూ ఉండాలనుకునేవాళ్లకు, అంటే అక్కడి కెరీర్‌నూ ఇక్కడి అమ్మానాన్ననూ రెండింటినీ వదులుకోలేని వాళ్లకు, జర్మన్ పాస్‌పోర్టే ఎక్కువ పనికొస్తుంది. భారత పాస్‌పోర్ట్ ఎవరికి పనికొస్తుందంటే, తిరిగొస్తే ఇక పూర్తిగా ఇక్కడే అనుకునేవాళ్లకు. అంటే పొలం కొని సాగు చేద్దామనుకునేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగానికో రాజకీయాల్లోకో రావాలనుకునేవాళ్లు, పిల్లలకు ఇక్కడి సీట్లు కావాలనుకునేవాళ్లు.

మధ్యేమార్గం ఒకటుంది, చాలామందికి తెలియదు. 'డావర్‌ఆఫెంట్‌హాల్ట్-ఈయూ' అనే మరో రకం శాశ్వత అనుమతి. ఇది ఉంటే యూరోపియన్ యూనియన్ బయట 12 నెలలు, అంతకుముందు బ్లూ కార్డ్ ఉన్నవాళ్లయితే 24 నెలలు ఉన్నా అనుమతి పోదు. భారత పాస్‌పోర్ట్ అలాగే ఉంటుంది. కానీ దీనికి కావాల్సిన అయిదేళ్లలో స్టూడెంట్ కాలాన్ని సగమే లెక్కిస్తారు. మన అమ్మాయి 31 నెలల చదువు ఇక్కడ పదిహేను నెలల చిల్లర కిందికి వస్తుంది. అందుకే పౌరసత్వానికి 2025 అక్టోబరులో అర్హత వచ్చినా, దీనికి 2027 మొదటి వరకు ఆగాలి. నిర్ణయం తేలనివాళ్లకు నేను మొదట చెప్పేది దీని గురించే. ఆగడానికి ఓపికుంటే, రెండు తలుపులూ కొంతకాలం తెరిచి ఉంచేది ఇదొక్కటే.

పత్రం చేతికొచ్చాక ఖాళీ రోజులు

ఆమె జర్మన్ పౌరసత్వమే ఎంచుకుందనుకుందాం. దరఖాస్తు పెట్టాక పెద్ద నగరాల్లో నెలల తరబడి, ఒక్కోచోట ఏడాది దాటి కూడా పడుతుంది. ఒకరోజు పిలిచి పౌరసత్వ పత్రం ఇస్తారు. ఆ రోజు నుంచి ఆమె జర్మన్ పౌరురాలు. కానీ జర్మన్ పాస్‌పోర్ట్ ఇంకా లేదు, దానికి వేరేగా దరఖాస్తు చేయాలి. భారత పాస్‌పోర్ట్ చేతిలోనే ఉంది, కానీ చెల్లదు. జర్మన్ పాస్‌పోర్ట్ వచ్చాక భారత రాయబార కార్యాలయానికో కాన్సులేట్‌కో పాత పాస్‌పోర్ట్ అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. దాన్ని జతచేసి ఓసీఐకి దరఖాస్తు పెట్టాలి.

ఈ వరస పూర్తయ్యేదాకా ఇండియాకు రావాలంటే జర్మన్ పాస్‌పోర్ట్ మీద మామూలు విదేశీయుల్లా వీసా తీసుకోవాలి. ఇంట్లో పెళ్లి ముహూర్తం పెట్టుకుని టికెట్లు కొనేసి, అదే నెలలో పౌరసత్వ పత్రం అందుకుంటే ఇబ్బందే. అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చినప్పుడు ముందు క్యాలెండర్ చూడండి. తప్పదనుకుంటే తేదీ మార్చమని అడగండి. అది అందుకునేదాకా మీరు భారతీయులే, పాస్‌పోర్ట్ చెల్లుతుంది.

వెనక్కి రావచ్చా?

'తర్వాత మనసు మారితే మళ్లీ భారత పౌరసత్వం తీసుకోవచ్చు కదా' అంటారు. తీసుకోవచ్చు, చట్టంలో దారి ఉంది. ఓసీఐగా అయిదేళ్లు నమోదై ఉండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇండియాలో నివసించి ఉంటే రిజిస్ట్రేషన్ ద్వారా అడగొచ్చు. ప్రత్యేక పరిస్థితుల్లో 30 రోజుల వరకు విరామాన్ని ప్రభుత్వం మన్నించవచ్చు. జర్మన్ పౌరసత్వాన్ని వదులుకోవాలి. కానీ ఇది తలుపు తట్టగానే తెరిచే దారి కాదు.

ఎంత కచ్చితంగా చూస్తారో తెలియాలంటే వేములవాడ కేసు చాలు. చెన్నమనేని రమేశ్ 1993లో జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు. 2009లో తిరిగి భారత పౌరసత్వం పొంది, వేములవాడ నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. దరఖాస్తుకు ముందటి 12 నెలల్లో విదేశాలకు వెళ్లిన సంగతి దాచారని కేంద్ర హోంశాఖ నిర్ణయించి, 2019లో ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. ఆ ఉత్తర్వును ఆయన హైకోర్టులో సవాలు చేశారు. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టేసి, జర్మన్ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. ఎమ్మెల్యేగా పలుకుబడి ఉన్న మనిషికే పన్నెండు నెలల లెక్క పదిహేనేళ్ల పాటు వెంటాడింది. మీరు నేను ఎంత?

ఈ కేసు నుంచి నేర్చుకోవాల్సింది రాజకీయం కాదు. వదులుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది, తిరిగి పొందడానికి ఏళ్లు పడుతుంది. అందుకే 'ముందు తీసేసుకుందాం, తర్వాత చూద్దాం' అన్న మాట దేనికైనా అనండి, దీనికి మాత్రం అనకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది

మీరు ఈ ఏడాది వెళ్తున్నా, వచ్చే ఏడాది వెళ్తున్నా, పౌరసత్వం తీసుకోవాలా వద్దా అని ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. కానీ రెండు పనులు ఇప్పటి నుంచే చేయాలి. మొదటిది భాష. కోర్సు ఇంగ్లిష్‌లో ఉంది కదా అని జర్మన్‌ను పక్కనపెట్టేవాళ్లు, ఉద్యోగంలో చేరాక సాయంత్రం క్లాసులకు టైమ్ దొరక్క ఏళ్ల తరబడి ఏ1 దగ్గరే ఆగిపోతారు. ఇక్కడున్నప్పుడే ఏ1, ఏ2 పూర్తి చేసి, అక్కడ చదువు అయ్యేలోపు బీ1 సర్టిఫికెట్ తీసుకోండి. ఆ ఒక్క కాగితం శాశ్వత నివాసానికీ, పౌరసత్వానికీ రెండింటికీ పనికొస్తుంది.

రెండోది రికార్డు. నివాస నమోదు పత్రాలు, ప్రతి పర్మిట్ కాపీ, జీతం స్లిప్పులు, పెన్షన్ కంట్రిబ్యూషన్ వివరాలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. పర్మిట్ గడువు అయిపోకముందే రెన్యువల్‌కు పెట్టండి. మధ్యలో ఖాళీ వస్తే అయిదేళ్ల లెక్కలో అది అడ్డు తగలొచ్చు. ఇండియాకు వచ్చినప్పుడు వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ రాసిపెట్టుకోండి.

అయిదేళ్లు నిండిన రోజున మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి. 'నాకు ఎక్కువ కాలం దూరంగా ఉండాల్సి వస్తే, ఏ దేశం నన్ను ప్రశ్నించకుండా తిరిగి రానివ్వాలి?' రెండు దేశాల మధ్య తిరిగే జీవితం మీదైతే, జర్మన్ పాస్‌పోర్ట్, ఓసీఐ కలిపి ఆ పని చేస్తాయి. ఇక్కడి ఓటు, పొలం, సీటు, ప్రభుత్వ కొలువు మీకు ముఖ్యమైతే శాశ్వత నివాస అనుమతితో సరిపెట్టుకుని, దాని ఆరు నెలల గడువును గుర్తుంచుకోండి. జవాబు ఇంకా తోచకపోతే దరఖాస్తు పెట్టకండి. అయిదేళ్లు నిండితే అడిగే హక్కు వస్తుందే తప్ప, అడగాలన్న గడువేమీ లేదు.